తరుగుదల లెక్కను ఖాళీల పత్రంగా మార్చేటప్పుడు ఏ అంకె తీసేయాలి, ఏది ఉంచాలి?

కోట_జంక్షన్

అందరికీ నమస్కారం. విజయనగరంలో ఇంటర్ సీఈసీ పిల్లలకి అకౌంట్స్ చెప్తున్నాను. నోట్సులో చేసి చూపించిన లెక్కల్ని మెట్టు మెట్టుగా ఖాళీలున్న పత్రాలుగా మార్చి పిల్లల చేత పూర్తి చేయిస్తున్నాం. పత్రం ఇస్తే టకటకా నింపేస్తున్నారు. అదే లెక్కని తెల్ల కాగితం మీద ఇస్తే మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు.

లెక్క ఇదీ. 1-7-2020న ఒక యంత్రం రూ. 1,80,000కి కొన్నారు, బిగించడానికి రూ. 20,000 అయింది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 10 శాతం తరుగుదల, ఏటా మార్చి 31న ఖాతాలు ముగింపు. 30-9-2022న రూ. 1,50,000కి అమ్మేశారు. యంత్రం ఖాతా తయారు చేయాలి.

ఇప్పుడిస్తున్న పత్రంలో వరసలు ఇలా ఉన్నాయి:

మొదటి ఏడాది తరుగుదల = 2,00,000 × 10/100 × 9/12 = ______
31-3-2021న పుస్తక విలువ = 2,00,000 − 15,000 = ______

ఇందులో ఏది మార్చాలి? ఖాళీలు ఇంకా పెంచితే సరిపోతుందా?

రాజాం_కామర్స్

ఖాళీలు తక్కువయ్యాయండి, అదే అసలు ఇబ్బంది. సమాధానం ఒక్కటీ తీసేస్తే చాలదు, సమానం గుర్తుకి ఎడమ పక్కనున్న అంకెలు కూడా తీసేయండి. "______ × ______ × ______ = ______" అని పెడితే వాళ్ళే ఆలోచిస్తారు. పేర్లు, వరసలు మాత్రం అలాగే ఉంచండి, లేకపోతే బెదిరిపోతారు. లెక్క చేయగా చేయగా చెయ్యి తిరుగుతుంది.

చిట్టా_ఆవర్జా

రాజాం సార్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. ఎడమ పక్క అంకెలు తీయాల్సిందే. కానీ "× ______ × ______/12" అని గీత గీసి ఉంచితే, ఇక్కడ నెలలు వేయాలన్న సంగతి మనమే చెప్పేసినట్టు. పిల్లలు తప్పేది గుణకారంలో కాదు. నెలలు లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న దగ్గర తప్పుతారు. ఆ నిర్ణయాన్ని పత్రమే తీసేసుకుంటే పిల్లవాడికి మిగిలేది కాలిక్యులేటర్ పని.

పత్రం గీసేముందు నోట్సులోని లెక్కని ముందు పెట్టుకుని, ప్రతి అంకె పక్కనా పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి. ప్రశ్నలో ఇచ్చిన అంకెకి "ఇ", పిల్లవాడు ఏదో ఒకటి తేల్చుకుంటేగానీ రాని అంకెకి "ని", ఉత్త కూడికా గుణకారాలతో వచ్చేదానికి "లె", పై మెట్టు నుంచి కిందికి దిగిన అంకెకి "ది". ఈ లెక్కలో 1,80,000 "ఇ". 2,00,000 చూడ్డానికి కూడికలాగే ఉంటుంది, కానీ అది "ని". బిగింపు ఖర్చు యంత్రం ఖాతాలోకి వెళ్తుందని తేల్చుకుంటేనే ఆ అంకె వస్తుంది. 9 నెలలు "ని". 15,000 "లె". రెండో ఏడాది 1,85,000 "ది"లా కనిపించినా "ని"యే, ఎందుకంటే స్థిర వాయిదాల పద్ధతి అయితే అక్కడ మళ్ళీ 2,00,000 వచ్చేది.

ఖాళీలు ముందు "ని" దగ్గర పెట్టండి. మొదటి పత్రంలో "లె" అంకెలు మీరే అచ్చు వేసి ఇచ్చేసినా నష్టం లేదు. మీ పత్రం దీనికి తిరగబడి ఉంది. నిర్ణయాలన్నీ అచ్చులో ఉన్నాయి, లెక్కలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. పత్రం నింపగలిగి, తెల్ల కాగితం మీద ఆగిపోవడానికి కారణం అదే.

నేనైతే ఇలా గీస్తాను:

మెట్టు 1. ప్రశ్నలోని ఖర్చుల్లో యంత్రం ఖాతాలోకి వెళ్ళేవి: ______, ______. మొత్తం ______
మెట్టు 2. మొదటి ఏడాది యంత్రం మన దగ్గర ఉన్న కాలం: ______ నుంచి ______ వరకు
మెట్టు 3. మొదటి ఏడాది తరుగుదల, లెక్క చూపిస్తూ: ____________
మెట్టు 4. రెండో ఏడాది తరుగుదల ఏ మొత్తం మీద కట్టాలి? ______ ప్రశ్నలోని ఏ మాట వల్ల? ______
మెట్టు 5. అమ్మిన ఏడాది తరుగుదల ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? ______ మొత్తం ______
మెట్టు 6. అమ్మిన రోజు పుస్తక విలువ ______
మెట్టు 7. అమ్మకం ధరతో పోలిస్తే లాభమా, నష్టమా, ఎంత? ______

మూడో మెట్టులో గుణకారం గుర్తులు కూడా ఇవ్వలేదు, గమనించండి.

పలాస_జీడి

నమస్కారమండీ. మాది జీడిపప్పు బట్టీ. ఏటండీ, మీరు 9 నెలలకి కట్టమంటున్నారు. మా ఆడిటర్ గారు అక్టోబరు ఆఖర్లో కొన్న యంత్రానికి సగం రేటే వేశారు, నెలల లెక్కే చూడలేదు. పాత యంత్రం అమ్మితే నష్టం కూడా విడిగా చూపించలేదు. మీ పత్రం ప్రకారం నింపితే మా లెక్క తప్పని తేలుతుందా?

చిట్టా_ఆవర్జా

తప్పు కాదండీ, మీ ఆడిటర్ గారు వేసింది ఆదాయపు పన్ను లెక్క. ఆదాయపు పన్ను చట్టంలో కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడిన ఆస్తికి సగం రేటే ఇస్తారు, నెలలు చూడరు. యంత్రాల్ని ఒక్కొక్కటిగా కాకుండా ఒకే రేటున్న గుంపుగా చూస్తారు. ఒకటి అమ్మితే వచ్చిన డబ్బు ఆ గుంపు విలువలోంచి తగ్గుతుంది, అందుకే నష్టం విడిగా కనబడలేదు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది పిల్లల పుస్తకంలోని యంత్రం ఖాతా గురించి. ఈ పత్రం మీ బట్టీ పన్ను లెక్కకి పనికిరాదు.

మీ ప్రశ్న వల్ల ఒక సంగతి మాత్రం కలిసొచ్చింది. పత్రం నెత్తిన "మార్చి 31న ముగింపు, కొన్న తేదీ నుంచి నెలల లెక్కన తరుగుదల" అని షరతు ఒకటి రాసి తీరాలి. కొన్ని పుస్తకాల్లో కొన్న ఏడాది పూర్తి తరుగుదల వేయమని ప్రశ్నలోనే చెప్తారు. షరతు రాయకపోతే సరిగ్గా ఆలోచించే పిల్లవాడే ఎక్కువ తికమక పడతాడు.

నాగావళి

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి ఇదే పాఠం చెప్తాను. పత్రం బాగుంది గానీ రెండు చోట్ల అభ్యంతరం ఉంది.

ఒకటి, మెట్టు 1లో రెండు చిన్న గీతలు పెట్టారు. రెండు గీతలు చూడగానే రెండు ఖర్చులు వెతుకుతారు. గీతల సంఖ్యే జవాబు చెప్పేస్తోంది. అక్కడ ఒకే పొడుగాటి గీత ఉండాలి.

రెండోది అంకెల గురించి. నోట్సులోని అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు పత్రంలోకి దించకూడదు. ఈ లెక్కలో బిగింపు ఖర్చు 20,000. నెలలు మరిచిపోయి పూర్తి ఏడాదికి కడితే తరుగుదల కూడా 20,000. పత్రంలో 20,000 కనబడితే, నెలలు మరిచిపోయాడా, బిగింపు ఖర్చునే తీసుకొచ్చి అక్కడ పెట్టాడా, ఎలా తెలుస్తుంది? ప్రతి తప్పుకీ వేరే అంకె వచ్చేలా ప్రశ్నని మార్చుకోవాలి.

యంత్రం 1,84,000, లారీ కిరాయి 4,000, బిగింపు 12,000 చేయండి. మొత్తం మళ్ళీ 2,00,000 కాబట్టి కింది అంకెలు ఏవీ కదలవు. దానికి తోడు "ఏడాది పొడుగునా నూనె, చిన్న మరమ్మతులకు 6,000" అని ఒక మాట చేర్చండి. అది యంత్రం ఖాతాలోకి రాకూడదు. ఇక దిద్దేటప్పుడు మొదటి ఏడాది తరుగుదల చూస్తేనే తెలిసిపోతుంది. 15,000 అయితే సరి. 15,450 వచ్చిందంటే మరమ్మతుల్ని కూడా కలిపేశాడు. 13,800 వచ్చిందంటే కొన్న ధర ఒక్కటే తీసుకున్నాడు. 20,000 అయితే నెలలు మరిచిపోయాడు. 13,333 వస్తే జూలైని వదిలేసి ఎనిమిది నెలలు లెక్కపెట్టాడు.

అమ్మకం ధర 1,50,000 మాత్రం కదపకండి. అది చాలా మంచి అంకె, ఎందుకో చూడండి. 31-3-2022న పుస్తక విలువ 1,66,500. ఆరు నెలలకి తరుగుదల 8,325, అమ్మిన రోజు విలువ 1,58,175, నష్టం 8,175. అమ్మిన ఏడాది తరుగుదల అసలే వేయకపోతే నష్టం 16,500 అవుతుంది. పూర్తి ఏడాదికి వేస్తే విలువ 1,49,850కి దిగి, నష్టం కాస్తా 150 లాభంగా మారిపోతుంది. ఆఖరి గీత మీదున్న ఒక్క అంకె చూస్తే ఆరో నెల దగ్గర ఏం చేశాడో తెలిసిపోతుంది.

చిట్టా_ఆవర్జా

మేడమ్, రెండు అభ్యంతరాలూ ఒప్పుకుంటున్నాను. పొడుగు గీత పెడదాం.

ఆ 150 లాభం గురించి ఇంకో మాట. చాలామంది పత్రాల్లో ఆఖరి మెట్టుని నేరుగా యంత్రం ఖాతా రూపంలోనే ఇస్తారు. అక్కడ పిల్లలు లాభనష్టాన్ని లెక్క కట్టరు. రెండు పక్కలా మొత్తం వేసి, తక్కువైన అంకెని తెచ్చి పెట్టేస్తారు. సరైన లెక్కలో క్రెడిట్ పక్క 8,325, 1,50,000, నష్టం 8,175 కలిస్తే 1,66,500, డెబిట్ పక్క తెచ్చిన నిల్వతో సరిపోతుంది. పూర్తి ఏడాది తరుగుదల వేసినవాడికి క్రెడిట్ పక్క 16,650, 1,50,000 కలిపి 1,66,650 వస్తుంది. డెబిట్ పక్క 150 తక్కువైందని లాభం పెడతాడు. అప్పుడూ ఖాతా చక్కగా సరిపోతుంది! రెండు పక్కలూ సమానం అయ్యాయి కాబట్టి లెక్క ఒప్పేనని నమ్మేస్తాడు.

అందుకే 6, 7 మెట్లు ఖాతా గీయకముందే విడిగా పూర్తి చేయాలి. లాభనష్టం అక్కడి నుంచి ఖాతాలోకి రావాలి, ఖాతాలో పుట్టకూడదు. అప్పుడు రెండు పక్కలూ సరిపోవడం నిజమైన పరీక్ష అవుతుంది. కనీసం కూడికల తప్పు, ఎత్తి రాసేటప్పుడు జరిగిన తప్పు దొరుకుతాయి. నెలల తప్పు మాత్రం అప్పుడూ దొరకదు. దానికి మెట్టు 5లో రాసిన తేదీలే ఆధారం.

రాజాం_కామర్స్

నిర్ణయాల దగ్గర ఖాళీ పెట్టాలన్నది అర్థమైంది. అయితే అన్ని నిర్ణయాలూ ఒకేసారి ఖాళీ చేస్తే తెల్ల కాగితానికీ దీనికీ తేడా ఏముంది? వరసగా తీసుకుంటూ వెళ్ళాలి కదా. మొదటి మెట్టు ముందు ఖాళీ చేసి, తర్వాత రెండోది, అలా పోతే పిల్లలకి సులువు.

చిట్టా_ఆవర్జా

వరసగా తీయాలన్నది నిజం సార్. కానీ ముందు నుంచి తీస్తే చిక్కొకటి ఉంది. మెట్టు 1 తప్పితే కింద అచ్చు వేసి ఉన్న అంకెలతో అతని అంకె కలవదు. కలవలేదని చూసి, ఆలోచించకుండా కింది నుంచి వెనక్కి లెక్కేసి 2,00,000 రాసేస్తాడు. చివర్నుంచి తీస్తే ఆ దొంగదారి ఉండదు. మొదటి పత్రంలో 7 ఒక్కటి ఖాళీ, రెండో పత్రంలో కొత్త అంకెలతో 5, 6, 7 ఖాళీ, మూడో దానిలో 4 నుంచి, నాలుగో దానిలో అన్నీ. ఐదోసారి తెల్ల కాగితం. ప్రతి పత్రంలోనూ అంకెలు మారాలి, తేదీలు కూడా మారాలి. తేదీలు మార్చకపోతే "9, 12, 6" అని బట్టీ పట్టేస్తారు.

నాగావళి

చివర్నుంచే తీయాలని అంత గట్టిగా అనలేమండీ. చేసి చూపించిన లెక్కల్లో మెట్లు క్రమంగా తీసేయడం మీద రెంక్ల్, అట్కిన్సన్ వాళ్ళు పరిశోధన చేశారు. మొదట్లో చివర్నుంచి తీయడమే మేలన్నారు గానీ, 2004లో వచ్చిన పనిలో ఏ వైపు నుంచి తీశామన్నది కాదు, ఏ మెట్టు తీశామో ఆ మెట్టునే పిల్లలు బాగా నేర్చుకున్నారని తేలింది. మన పిల్లలు ఎక్కువగా తప్పేది మెట్టు 5లో. అంచేత నేను 5తోనే మొదలుపెడతాను. మిగతావన్నీ పూర్తిగా చేసి చూపించి, 5 ఒక్కదాన్నే రెండు మూడు లెక్కల్లో ఖాళీ వదులుతాను.

చిట్టా_ఆవర్జా

5 ఒక్కటే ఖాళీ పెడితే 6లో అచ్చు వేసిన 1,58,175 చూసి 8,325 వెనక్కి తీసేయొచ్చు కదా మేడమ్? 6, 7 కూడా ఖాళీ వదలాల్సి వస్తుంది. అప్పుడది నా రెండో పత్రమే అవుతుంది.

నాగావళి

కిందివి కాగితం మడిచి కప్పేస్తాను. 5 రాశాకే విప్పి సరిచూసుకోవాలి. మీ పద్ధతిలో సరైన జవాబు పిల్లవాడికి వెంటనే తెలిసే దారి లేదు. తప్పు అంకెతోనే 7 దాకా నడుస్తాడు.

బొబ్బిలి_షీట్లు

ఆ నడిచేదాన్ని షీటులో పట్టుకోవచ్చు. పత్రాలు కొత్త అంకెలతో తయారు చేయడానికీ, దిద్దడానికీ గూగుల్ షీట్స్ వాడుతున్నవాళ్ళకి రెండు సంగతులు.

మొదటిది నెలల లెక్క. B2లో కొన్న తేదీ, B3లో ముగింపు తేదీ ఉంటే ఇలా రాయాలి:

```
=DATEDIF(B2, B3+1, "m")
```

ఆ `+1` మరిచిపోతే జూలై 1 నుంచి మార్చి 31 వరకు 8 అని చూపిస్తుంది, జవాబు పత్రమే తప్పయిపోతుంది. ఇది పూర్తి నెలల్నే లెక్కపెడుతుంది. జూలై 15న కొన్నట్టు ఇస్తే సగం నెల ఎగిరిపోతుంది. అందుకని నెల మొదటి తేదీన కొన్నట్టు, నెలాఖరున అమ్మినట్టు ఇవ్వండి.

రెండోది దిద్దడం. మొదటి ఏడాది తప్పినవాడికి కింది అంకెలన్నీ తప్పే అవుతాయి, కానీ పద్ధతి సరిగ్గానే ఉండొచ్చు. నెలలు మరిచిపోయి 20,000 వేసినవాడు రెండో ఏడాది 1,80,000 మీద 18,000 కడితే, మెట్టు 4 అతనికి వచ్చినట్టే. కాబట్టి మన జవాబుతో కాకుండా అతను రాసిన పై అంకెతో పోల్చాలి. B5లో రేటు 10%, D7లో పిల్లవాడి పుస్తక విలువ, D8లో రెండో ఏడాది తరుగుదల ఉంటే:

```
=IF(D8=ROUND(D7*B5,0),"సరి","చూడాలి")
```

ప్రతి మెట్టుకీ ఇలాంటిదే రాస్తే ఏడు మెట్లలో నిజంగా తప్పింది ఏదో ఒక్కటే బయటపడుతుంది. మెట్టు 1 ఒక్కటి తప్పినవాడికి ఆరు "సరి"లు వస్తాయి.

కోట_జంక్షన్

అందరికీ ధన్యవాదాలు. అంకెలు, మెట్లు మార్చేస్తాను. ఇంకో సందేహం. పరీక్షలో చివరికి కావాల్సింది యంత్రం ఖాతా. ఏడు మెట్లు సరిగ్గా చేసి, ఖాతాలో ఏది ఏ పక్క రాయాలో తెలియక ఆగేవాళ్ళున్నారు. ఖాతాకి కూడా ఖాళీలు పెట్టాలా? పెడితే అంకెల గడిలోనా?

చిట్టా_ఆవర్జా

అంకెల గడిలో వద్దు. అంకెలు ఈసరికే మెట్లలో వచ్చేశాయి, మళ్ళీ నింపిస్తే ఎత్తి రాసే పనే అవుతుంది. ఖాతాలో నిర్ణయాలు తేదీ గడిలోనూ, వివరాల గడిలోనూ ఉంటాయి. కాబట్టి అంకెలు అచ్చు వేసి, తేదీ, వివరాలు ఖాళీ పెట్టండి. డెబిట్ పక్క 1,66,500 కనబడుతుంటే, అది 1-4-2022న తెచ్చిన నిల్వ అని వాళ్ళు రాయాలి. క్రెడిట్ పక్క 8,325కి ఎదురుగా తేదీ 30-9-2022 అని రాయాలి. అలవాటు కొద్దీ 31-3-2023 అని రాస్తారు, అక్కడ కనిపెట్టి ఉండండి. తేదీ అలా రాసినవాడు మెట్టు 5ని ఎవరో చెప్తే నింపాడేమో అని అనుమానించాల్సిందే.

ఇంకా ఒకటి. అమ్మేశాక 31-3-2023న నిల్వ ఏమీ ఉండదు. ఖాతా సెప్టెంబరు 30తోనే ముగిసిపోతుంది. పత్రంలో నాలుగో వరస ఖాళీగా వదిలితే దానిలో ఏదో ఒకటి రాస్తారు. రాస్తే తప్పు. ఆ వరసని కావాలనే ఉంచి, "అవసరం లేకపోతే గీత కొట్టేయండి" అని రాయండి.

నాగావళి

అచ్చు వేసిన ఖాతా గీతలతో ఒక్క పత్రం చాలు. దాని తర్వాత గీతలు కూడా పిల్లలే గీసుకోవాలి. పరీక్షలో ఎవరూ గీసి ఇవ్వరు.

రాజాం_కామర్స్

దానికి నేను ఒప్పుకోనండీ. గీతలు గీయడంలో పది నిమిషాలు పోతాయి, ఆ టైములో ఇంకో లెక్క చేయొచ్చు. గీతలు అచ్చులోనే ఉండనివ్వండి, వివరాలు మాత్రం ఖాళీ.

కోట_జంక్షన్

గీతల సంగతి రెండు రకాలుగానూ ఇచ్చి చూస్తాను. ఒకే ఏడాదిలో రెండో యంత్రం కూడా కొన్న లెక్కలున్నాయి, మొదటిది మాత్రమే అమ్ముతారు. అక్కడ పిల్లలు ఉన్న మొత్తం నిల్వ మీదే తరుగుదల వేసేసి, అమ్మిన దాని విలువ విడదీయలేకపోతున్నారు. ఒకే పత్రంలో రెండు యంత్రాలకి పక్కపక్కన వరసలు పెట్టాలా, వేరు వేరు పత్రాలా?

చిట్టా_ఆవర్జా

పక్కపక్కన రెండు నిలువు వరసలు పెట్టండి, మూడోది మొత్తానికి. 1 నుంచి 5 వరకు ప్రతి మెట్టూ రెండు వరసల్లోనూ నింపాలి. 6, 7 అమ్మిన యంత్రం వరసలోనే ఉంటాయి. రెండో వరసలో ఆ గళ్ళు నల్లగా మూసేయకండి. మూస్తే ఏ యంత్రం అమ్మారో మీరే చెప్పినట్టవుతుంది. మొత్తం వరసని ఖాతాలోకి ఎత్తి రాయడానికే వాడాలి, దాని మీద తరుగుదల కట్టకూడదు. ఆ షరతు వరస నెత్తిన రాసి పెట్టండి.

నాగావళి

మొత్తం వరస మొదటి పత్రంలో అసలు పెట్టకపోతేనే మంచిదని నా ఉద్దేశం. కనబడితే దాని మీదే కడతారు, నెత్తిన ఏం రాసినా చదవరు. అమ్మిన యంత్రం 30-9-2022 దాకా, రెండోది 31-3-2023 దాకా విడివిడిగా వచ్చాక, ఖాతా గీసేటప్పుడు కూడుకుంటే చాలు.